లింకు ఎక్స్‌పైర్ అయిందని కొత్త అకౌంట్ తెరవకండి

రామచంద్రపురం వైపు ఐటీఐ చదివిన పిల్లలకు రాజమండ్రి ఓఎన్‌జీసీలో అప్రెంటిస్ అంటే ఇంటికి దగ్గర్లో దొరికే అవకాశం. 2024 అక్టోబరు నోటిఫికేషన్‌లో చివరి తేదీని మొదట 25గా ఇచ్చారు. ట్రేడ్ అప్రెంటిస్‌కు వెళ్లేవాళ్లు ముందుగా apprenticeshipindia.gov.in లో పేరు నమోదు చేసుకోవాలి. ఇలాంటి పోర్టళ్లు చాలావరకు మెయిల్‌కు ఒక లింకు పంపుతాయి. అది నొక్కితేనే అకౌంట్ పనిచేస్తుంది.

గొడవంతా ఇక్కడే. ఒక అబ్బాయి సోమవారం రిజిస్టర్ చేసి, మెయిల్ గురువారం రాత్రి తెరిచాడనుకుందాం. శుక్రవారమే ఆఖరు. లింకు నొక్కితే గడువు అయిపోయిందంటుంది. లాగిన్ అయితే అకౌంట్ యాక్టివేట్ కాలేదంటుంది. మళ్లీ రిజిస్టర్ చేయబోతే ఈ మెయిల్ ఇప్పటికే ఉందంటుంది.

కంగారులో చాలామంది వేరే మెయిల్, అమ్మ ఫోన్ నంబరు పెట్టి రెండో అకౌంట్ తెరుస్తారు. అది చేయకూడదు. ఒకే మనిషి పేరున రెండు దరఖాస్తులు కనిపిస్తే రెండూ తీసేసే బోర్డులు ఉన్నాయి.

ముందు పాస్‌వర్డ్‌తో ఒకసారి లాగిన్ అయి చూడండి. ఒకసారి వాడేసిన లింకును మళ్లీ నొక్కినా ఎక్స్‌పైర్ అనే వస్తుంది. అకౌంట్ అప్పటికే తెరుచుకుని ఉండవచ్చు. కాకపోతే లాగిన్ పేజీలో Resend లాంటి బటన్ ఉంటుంది, దాన్ని ఒక్కసారే నొక్కి పది నిమిషాలు ఆగండి. సాధారణంగా కొత్త లింకు రాగానే పాతది చెల్లదు. ఐదుసార్లు నొక్కితే ఐదు మెయిళ్లు వస్తాయి, వాటిలో చివరిది మాత్రమే పనిచేస్తుంది. జీమెయిల్ వాటన్నింటినీ ఒకే వరుసలో పేరుస్తుంది కాబట్టి అన్నిటికంటే కిందిది, టైం చూసి తెరవాలి. Spam కూడా చూడండి.

మెయిల్ అసలు రాకపోతే, ఫారం నెట్ సెంటర్‌లో నింపించినవాళ్లు అక్కడికే వెళ్లి అడగాలి. సెంటర్ అన్న తన మెయిల్ ఐడీయే కొట్టేసి ఉంటాడు, మన ఊళ్లలో ఇది మామూలే. లింకు అతని ఇన్‌బాక్స్‌లో ఉంటుంది.

ఇవేవీ పనిచేయకపోతే రిజిస్టర్ చేసిన మెయిల్ నుంచే హెల్ప్‌డెస్క్‌కు రాయండి. పేరు, రిజిస్టర్ చేసిన తేదీ, టైం కనిపించే స్క్రీన్‌షాట్ పెట్టండి. ఓటీపీ, పాస్‌వర్డ్ మాత్రం పంపొద్దు. ఆ మెయిల్ పంపినంత మాత్రాన గడువు పెరగదు, కానీ గడువులోపే ప్రయత్నించారనడానికి రుజువు ఉంటుంది.

లాగిన్ అయ్యాక అసలు పని మిగిలే ఉంటుంది. పోర్టల్‌లో పేరు ఉండటం వేరు, ఉద్యోగానికి అప్లై చేయడం వేరు. సగం నింపి వదిలిన ఫారం డ్రాఫ్ట్‌గానే పడి ఉంటుంది. పేరు, పుట్టిన తేదీ పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో మళ్లీ చూసుకుని, సరైన సంస్థను, ట్రేడ్‌ను ఎంచుకుని సబ్మిట్ చేయండి. అప్లికేషన్ నంబరు వచ్చి, స్టేటస్‌లో సబ్మిట్ అయినట్టు కనిపిస్తేనే దరఖాస్తు చేరినట్టు. ఆ పేజీని పీడీఎఫ్‌గా దాచుకుని, సెంటర్ కంప్యూటర్ అయితే లాగౌట్ చేసి రండి.