ఎంసెట్ దరఖాస్తులో తప్పు పడిందా? ఏది మీరు దిద్దుకోవచ్చు, ఏది దిద్దలేరు

బీఎస్సీ అగ్రికల్చర్‌లో చేరాలనుకునే పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో రాసే ఈఏపీసెట్ (మన వాడుకలో ఎంసెట్) దరఖాస్తును చాలామంది రైతులు టౌన్‌లోని ఇంటర్నెట్ సెంటర్‌లో పెట్టిస్తారు. తప్పులు పడేది ఎక్కువగా అక్కడే.

ఆలస్య రుసుము లేకుండా దరఖాస్తు చేసే గడువు ముగిశాక, సవరణల కోసం కొద్ది రోజుల పాటు వెబ్‌సైట్‌లో ఒక లింకు ఇస్తారు. తేదీలు ఏటా నోటిఫికేషన్‌లో ఉంటాయి. గడువు దాటితే లింకు తీసేస్తారు. లోపలికి వెళ్లాలంటే దరఖాస్తు వివరాలు, ఇంటర్ హాల్ టికెట్ నంబరు, పుట్టిన తేదీ వంటివి కావాలి. అందుకే దరఖాస్తు ప్రింటు దాచుకోండి. మొబైల్ నంబరు సెంటర్ వాళ్లది కాకుండా మీ ఇంటిదే ఇవ్వండి.

సవరణలు రెండు రకాలు. విద్యార్థి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఫొటో, సంతకం, ఇంటర్ హాల్ టికెట్ నంబరు మీరు నేరుగా మార్చలేరు. అభ్యర్థి ఎవరో గుర్తించేది వాటితోనే కాబట్టి, పదో తరగతి మెమో లాంటి ఆధారం స్కాన్ చేసి హెల్ప్‌డెస్క్‌కు మెయిల్ పంపాలి. కన్వీనర్ కార్యాలయం వాళ్లు చూసి మారుస్తారు. తల్లి పేరు, మీడియం, చదివిన ఊళ్ల వివరాలు వంటివి రెండో రకం. వీటిని లింకులో మీరే దిద్దుకోవచ్చు.

వీటిలో నా దృష్టిలో అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది చదివిన ఊళ్ల వివరాలు. స్థానికత తేలేది వాటితోనే. ఉదాహరణకు ఒక అమ్మాయి ఆరు నుంచి పది వరకు నెల్లూరు జిల్లాలోని ఊళ్లో, ఇంటర్ రెండేళ్లు విజయవాడలో చదివింది అనుకుందాం. నెల్లూరు ఎస్వీయూ పరిధి, విజయవాడ ఏయూ పరిధి. చివరి నాలుగేళ్లు ఒకే పరిధిలో లేవు కాబట్టి ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివిందో చూస్తారు. అయిదేళ్లు నెల్లూరు, కాబట్టి ఆమె ఎస్వీయూ స్థానికురాలు. సెంటర్ అబ్బాయి తొందరలో ఏడేళ్లకూ కృష్ణా జిల్లా అని నొక్కేస్తే దరఖాస్తులో ఆమె ఏయూ అమ్మాయి అయిపోతుంది. సీట్లలో 85 శాతం స్థానికులకే కనుక ఇది చిన్న తప్పు కాదు.

సవరణ రోజుల్లో ఒక్కో తరగతికీ ఎదురుగా ఉన్న జిల్లా పేరును స్టడీ సర్టిఫికెట్లతో పోల్చి చూడండి. కౌన్సెలింగ్‌లో అధికారులు అడిగేది ఆ సర్టిఫికెట్లే. దిద్దాక సబ్మిట్ నొక్కి, కొత్త ప్రింటు తీసుకుని, మార్పు అందులో కనిపిస్తోందో లేదో అక్కడే చూసుకుని లేవండి.