సమస్యల జాబితా (వైద్య రికార్డు)

ఆసుపత్రి కేసు షీటులో చెల్లాచెదురుగా ఉన్న వివరాలను సమస్యలుగా కూర్చి, ప్రాణాపాయం కలిగించేవాటిని ముందుంచే పట్టిక. రికార్డును సమస్యల వారీగా రాయాలని అమెరికన్ వైద్యుడు లారెన్స్ వీడ్ 1968లో ప్రచురించిన వ్యాసాల్లో గట్టిగా వాదించాడు.

కాలి పుండుతో చేరిన ఒక మధుమేహ రోగిని ఊహించుకుందాం. డాక్టర్ల నోట్సు నిండా పుండు సంగతే. ల్యాబ్ రిపోర్టుల్లో మాత్రం క్రియాటినిన్ మూడు రోజుల్లో 1.1 నుంచి 2.6కి పెరిగింది, పొటాషియం 6.7కి చేరింది. నర్సు చార్టులో మూత్రం బాగా తగ్గింది. మందుల చార్టులో ఎనలాప్రిల్, స్పైరనోలాక్టోన్ ఇంకా నడుస్తున్నాయి. రెండూ పొటాషియాన్ని పెంచేవే. ఈ నాలుగూ కలిపి చదివితేనే అసలు ప్రమాదం బయటపడుతుంది.

కాబట్టి మొదటి స్థానం పొటాషియానిది: గుండె లయ ఏ క్షణమైనా తప్పవచ్చు, వెంటనే ఈసీజీ తీయాలి. రెండోది, దానికి మూలమైన కిడ్నీ దెబ్బ. పుండు మూడోది. అయితే జ్వరంతో పాటు బీపీ పడిపోతే అది సెప్సిస్ కావచ్చు, అప్పుడు పుండూ పైకి వస్తుంది. మధుమేహం, పాత రక్తహీనత వంటివి చివర ఉంటాయి.

నమూనాలో రక్తకణాలు చిట్లితే పొటాషియం నిజంగా పెరగకున్నా ఎక్కువ చూపుతుంది. అందుకే ప్రతి అంశం పక్కన తేదీ, ఆధారమైన పేజీ రాయాలి, అనుమానముంటే పరీక్ష మళ్లీ చేయించాలి. ఈసీజీలో మార్పులు కనిపిస్తే మాత్రం ఆ ఫలితం కోసం చికిత్స ఆపకూడదు. నోట్సులో నిన్నటి వాక్యాలే అక్షరం మారకుండా కనిపిస్తే, నయమైన జబ్బు జాబితాలో మిగిలిపోయిందేమో చూడాలి.