పెట్టెల్లో, వలయాల్లో సేద్యపు ఖర్చు: గుంటూరు, ప్రకాశం పత్తి, మిరప లెక్కల చిత్రణ - పరిమితులు

వ్యాససంగ్రహం:

అంచెలంచెలుగా విడిపోయే ఖర్చును చూపడానికి ట్రీమ్యాప్, సన్‌బర్స్ట్ అనే రెండు చిత్రాలు ఇటీవలి పరిశోధన గ్రంథాలలో తరచుగా కనిపిస్తున్నాయి. కంప్యూటరు డిస్కు కోసం పుట్టిన ఈ పద్ధతులు డిస్కుకు సహజమైన కొన్ని నియమాలను తమతో తెచ్చుకున్నాయి. గుంటూరు, ప్రకాశం మైదానపు సేద్యపు ఖర్చు ఆ నియమాలకు ఎక్కడ లొంగదో, లొంగని చోట చిత్రం ఏ విధంగా చదవరానిదవుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ట్రీమ్యాప్, సన్‌బర్స్ట్, సాగు ఖర్చు, కౌలు, పత్తి, మిరప.

1. ఉపోద్ఘాతం:

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలల ఆర్థిక చరిత్రను రాసేవారికి ప్రధానమైన ఆధారం ఖర్చు లెక్క. 1980ల్లో ఇక్కడి పత్తి పొలాలపై తెల్లదోమ, శనగపచ్చ పురుగు విరుచుకుపడ్డాయి. 1987-88లో పత్తి రైతుల ఆత్మహత్యలతో ఈ ప్రాంతం వార్తలకెక్కింది. అప్పటి చర్చ అంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది: రైతు పెట్టుబడిలో పురుగు మందుల వాటా ఎంత? తరువాతి కాలంలో విత్తనం వాటా ఎంత, కౌలు వాటా ఎంత అన్న ప్రశ్నలు వచ్చాయి. ఇవన్నీ మొత్తంలో భాగాన్ని గురించిన ప్రశ్నలే. అందువల్ల భాగాలను చూపే చిత్రాల వైపు పరిశోధకుల చేయి సహజంగానే వెళుతుంది. చిత్రంలో భాగం కనబడకపోయినా, తప్పుగా కనబడినా, చరిత్ర నిర్ధారణ కూడా తప్పుతుంది.

2. రెండు చిత్రాల పుట్టుక:

1990లో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో బెన్ ష్నైడర్‌మన్‌కు ఒక చిన్న సమస్య ఎదురైంది. 14 మంది పంచుకునే 80 మెగాబైట్ల డిస్కు నిండిపోయింది. ఎవరి ఫైళ్లు ఎంత చోటు ఆక్రమించాయో ఒక్క చూపులో తెలియాలి. ఆయన తెరను ఒక దీర్ఘచతురస్రంగా తీసుకుని, మొదటి అంచెను నిలువుగా, రెండో అంచెను అడ్డంగా, మళ్లీ నిలువుగా కోస్తూ పోయాడు. పెట్టెలో పెట్టె, దానిలో మరో పెట్టె. పెట్టె వైశాల్యమే ఫైలు పరిమాణం. ఇదే ట్రీమ్యాప్. 2000లో బ్రుల్స్, హైజింగ్, వాన్ వైక్ అనే డచ్ పరిశోధకులు పెట్టెలు సన్నని పట్టీలుగా మారకుండా చతురస్రానికి దగ్గరగా ఉండే స్క్వేరిఫైడ్ పద్ధతిని ప్రతిపాదించారు. ఆ కాలంలోనే జార్జియా టెక్‌లో జాన్ స్టాస్కో బృందం సన్‌బర్స్ట్‌ను తీర్చిదిద్దింది. దీనిలో మధ్యన మూలం, చుట్టూ వలయాలుగా అంచెలు ఉంటాయి. వారు పరీక్షించినది కూడా ఫైళ్ల అమరికనే.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. డిస్కులో ప్రతి ఫైలూ ఒకే ఫోల్డరులో ఉంటుంది. ఏ ఫైలు పరిమాణమూ సున్నాకంటే తక్కువ ఉండదు. ఈ రెండూ డిస్కుకు సహజమైన లక్షణాలు. ఖర్చు లెక్కకు ఇవి సహజమైనవి కావు.

3. ఒక ఎకరం మిరప లెక్క:

వివరణ సౌలభ్యం కోసం ఒక కౌలు రైతు ఎకరం మిరప సాగుకు 2,00,000 రూపాయలు ఖర్చు పెట్టాడని అనుకుందాం. ఇవి సర్వే అంకెలు కావు, లెక్క సులువుగా సాగడానికి ఎంచుకున్నవి. కూలి 80,000, కౌలు 40,000, పురుగు మందులు 30,000, ఎరువులు 20,000, వడ్డీ 12,000, విత్తనం, నారు 10,000, దుక్కి 8,000. కూలిలో కోతకు 42,000, కలుపుకు 16,000, పిచికారీకి 12,000, నాటుకు 10,000.

16 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు గల ట్రీమ్యాప్‌లో దీనిని గీస్తే దుక్కి వాటా 4 శాతం. ష్నైడర్‌మన్ తొలి పద్ధతిలో అది 10 సెంటీమీటర్ల పొడవు, 6.4 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న పట్టీ అవుతుంది. దానిలో తెలుగు పేరు అడ్డంగా పట్టదు. స్క్వేరిఫైడ్ పద్ధతిలో అదే వాటా సుమారు రెండున్నర సెంటీమీటర్ల చతురస్రమై పేరుకు చోటిస్తుంది. అయితే ఈ పద్ధతి పెట్టెలను పెద్దవాటి నుంచి చిన్నవాటికి పేరుస్తుంది. దుక్కి, నాటు, కలుపు, పిచికారీ, కోత అన్న సేద్యపు వరుస చెదిరిపోతుంది. మరుసటి ఏడాది మందుల ఖర్చు కౌలును మించితే పెట్టెలు చోట్లు మారతాయి. రెండేళ్ల చిత్రాలను పక్కపక్కన పెట్టి మార్పును చదవాలనుకునే పాఠకుడు ఏ పెట్టె ఎక్కడికి పోయిందో వెతుక్కోవలసి వస్తుంది. చరిత్రకారుడికి కావలసినది ఆ మార్పే.

వైశాల్యాన్ని పోల్చడంలో మన కన్ను బలహీనమైనది. 1984లో క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ చేసిన ప్రయోగాలు ఒకే గీత మీద ఉన్న స్థానాలను మనిషి బాగా పోల్చగలడనీ, వైశాల్యాలను అంత బాగా పోల్చలేడనీ చూపాయి. మన లెక్కలో మందులు ఎరువులకు ఒకటిన్నర రెట్లు. రెండూ చతురస్రాలైతే భుజాలు 4.9, 4 సెంటీమీటర్లు. భుజాల తేడా అయిదో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే. సగం ఎక్కువ ఖర్చు ఆ మేరకు కనబడదు.

సన్‌బర్స్ట్‌లో ఇబ్బంది మరో రకంగా వస్తుంది. మధ్య ఖాళీ వ్యాసార్ధం 1 సెంటీమీటరు, ఒక్కొక్క వలయం మందం 1 సెంటీమీటరు అనుకుంటే, మొదటి, రెండో, మూడో వలయాల వైశాల్యాలు 3, 5, 7 నిష్పత్తిలో ఉంటాయి. దుక్కి కింద ట్రాక్టరు కిరాయి అనే ఒకే ఉపశాఖ ఉంటే, అదే 8,000 రూపాయలు రెండో వలయంలో మొదటి వలయం కంటే మూడింట రెండు వంతులు పెద్దదిగా కనిపిస్తుంది. కోణం మాత్రమే నిజం, వైశాల్యం నిజం కాదు. ఈ నియమం తెలియని పాఠకుడు బయటి వలయాలను ఎక్కువ ఖర్చుగా చదువుతాడు. పైగా 4 సెంటీమీటర్ల వ్యాసార్ధం దగ్గర ఒక శాతం వాటాకు దక్కే చాపం పొడవు 2.5 మిల్లీమీటర్లే. ఒత్తులు, గుడులతో నిలువుగా పెరిగే మన లిపికి ఆ చోటు చాలదు.

చిన్న ముక్క చరిత్రలో కూడా చిన్నదేనని అనుకోరాదు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చిన తరువాత విత్తనపు ధరలో సాంకేతిక రుసుము అనే ఉపశాఖ ఏర్పడింది. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎం.ఆర్.టి.పి. కమిషన్ ముందుకు తీసుకువెళ్లిన వివాదం ఆ రుసుమును గురించినదే. మొత్తం సాగు ఖర్చు ట్రీమ్యాప్‌లో అది విత్తనం పెట్టెలోపలి చిన్న పెట్టె.

4. ఏ చెట్టు? ఎవరి లెక్క?

పై లెక్కను వస్తువుల వారీగా విడదీస్తే పురుగు మందుల వాటా 15 శాతం. పనుల వారీగా విడదీస్తే పిచికారీ కూలి కూలి శాఖ నుంచి సస్యరక్షణలోకి చేరి, ఆ వాటా 42,000 రూపాయలు, అంటే 21 శాతం అవుతుంది. రెండు చిత్రాలూ తప్పు కావు. పిచికారీ కూలి రెండు శాఖలకూ చెందుతుంది, చిత్రం మాత్రం ఒక శాఖకే చోటిస్తుంది. పురుగుల దాడి భారాన్ని చర్చించే వ్యాసం వస్తువుల చెట్టును ఎంచుకుంటే తన ప్రశ్నను తానే కుదించుకున్నట్టవుతుంది.

కౌలు విషయంలో చిక్కు ఇంకా లోతైనది. వ్యవసాయ వ్యయాలు, ధరల కమిషన్ వాడే వర్గీకరణలో రైతు చెల్లించిన కౌలు ఏ2 ఖర్చులో చేరుతుంది. సొంత భూమికి కట్టిన అంచనా కౌలు మాత్రం బి2, సి2 ఖర్చులలోనే కనిపిస్తుంది. ఈ ఖర్చు భావనలు ఒకదానిలో ఒకటి పూర్తిగా ఇమిడే పెట్టెలు కూడా కావు. బి1కి భూమి కౌలు కలిపితే బి2, కుటుంబ శ్రమ విలువ కలిపితే సి1. రెండింటికీ బి1 ఉమ్మడి, కానీ ఏదీ మరొకదానిలో ఇమడదు. వీటిని సన్‌బర్స్ట్ వలయాలుగా గీయడం సాధ్యం కాదు.

ఇక సగటుల సంగతి. సర్వేలో సగం మంది కౌలు రైతులు, సగం మంది సొంత భూమి రైతులు అనుకుందాం. మిగతా ఖర్చులన్నీ సమానమైతే కౌలు రైతు ఖర్చు 2,00,000. సొంత భూమి రైతు చేతి ఖర్చు 1,60,000. సగటు 1,80,000లో కౌలు 20,000, అంటే 11 శాతం. కౌలు రైతుకు అది 20 శాతం, సొంత భూమి రైతుకు సున్నా. చిత్రంలో చక్కగా ఒదిగిన ఆ 11 శాతం పెట్టె ఏ ఒక్క రైతు లెక్కలోనూ లేదు. పంట వచ్చినా రాకున్నా రొక్కపు కౌలు చెల్లించవలసిన మనిషి భారం సగానికి తగ్గినట్టు చిత్రం చెబుతుంది. ఇలాంటి చోట రెండు చిత్రాలు వేరువేరుగా గీయాలి, లేదా చిత్రం మానుకోవాలి.

5. తీసివేతలు, రెండుసార్లు కూడికలు:

ప్రభుత్వ వ్యయ పత్రాలను వాడేవారికి మరో రెండు ప్రమాదాలున్నాయి. రాష్ట్ర బడ్జెట్ ఆరు అంచెల పద్దులుగా ఉంటుంది. పంటల సాగు ప్రధాన పద్దు 2401. దాని కింద 911 అనే చిన్న పద్దు అధిక చెల్లింపుల వసూళ్లను తగ్గించి చూపేది, కనుక అంకె రుణాత్మకంగా ఉంటుంది. రుణాత్మక వైశాల్యం గీయడం కుదరదు. 100, 60, -10 అనే వరుసల అసలు మొత్తం 150. మూడో వరుసను వదిలేసిన చిత్రం 160ని మొత్తంగా చూపుతుంది. చిత్రపు మూలంలోని మొత్తాన్ని పత్రంలోని నికర మొత్తంతో సరిచూస్తే ఈ పొరపాటు బయటపడుతుంది.

రెండోది ఉపమొత్తాల వరుసలు. పట్టికలో కూలి 80,000 అనే వరుసతోపాటు దాని నాలుగు ఉపశాఖలు కూడా ఉన్నాయి. ప్లాట్లీ అనే ఉపకరణంలో `branchvalues` విలువ మార్చకపోతే `"remainder"`గా ఉంటుంది. అంటే తల్లి అంకెకు పిల్లల అంకెలు కలుస్తాయి. కూలి 1,60,000, మొత్తం 2,80,000 అవుతుంది. 40 శాతం కూలి 57 శాతంగా కనిపిస్తుంది. కూలి పెట్టెలో పిల్లలు నింపని సగం ఖాళీయే దీనికి గుర్తు. పట్టికలో ఉపమొత్తాలు ఉన్నప్పుడు ఇలా రాయాలి:

```
branchvalues="total"
```

6. ముగింపు:

ఖర్చు ఒకే చెట్టుగా విడిపోయినప్పుడు, అంకెలన్నీ ధనాత్మకమైనప్పుడు, పాఠకుడు ఏది పెద్దదో మాత్రమే తెలుసుకోదలచినప్పుడు ట్రీమ్యాప్ మంచి సాధనం. ఏ శాఖ ఎన్ని అంచెలు దిగిందో చూపడానికి సన్‌బర్స్ట్ అనువైనది. రెండేళ్లను, రెండు జిల్లాలను, ఇద్దరు రైతులను పోల్చవలసి వస్తే ఒకే గీత నుంచి మొదలయ్యే బార్ చార్టు మేలు. ఉపశాఖలను కాస్త లోపలికి జరిపి రాసిన పట్టిక కూడా చాలు. తీసివేతలు, సేద్యపు వరుస, చిన్న అంకెలు మూడూ దానిలో నిలుస్తాయి. ఏ చిత్రం గీసినా, దానిని ఏ చెట్టు ప్రకారం విడదీశారో, అది ఎవరి లెక్కో చిత్రం కింద ఒక వాక్యంలో రాయడం పరిశోధకుడి బాధ్యత. ఆ వాక్యం రాయడానికి కూర్చున్నప్పుడే కౌలు రైతును ఏ పెట్టెలో కలిపేశామో మనకు తెలుస్తుంది.