అమెరికా వారి ఖాతా పుస్తకం – అనకాపల్లిలో బంగారం ధర



2013 జూన్ నెలాఖరున మా తోడల్లుడు మా ఇంటికి వచ్చి ఒక సలహా అడిగాడు. శ్రావణంలో వాళ్లమ్మాయి పెళ్లి. అయిదు కాసుల బంగారం కొనాలి. "అన్నయ్యగారూ, ధర బాగా పడిపోయింది. ఇప్పుడే కొనమంటారా, ఇంకా ఆగమంటారా?" అన్నాడు. నేను రోజూ పేపరులో వాణిజ్యం పేజీ చదివేవాణ్ణి. ప్రపంచ మార్కెట్టులో బంగారం దిగుతోందని తెలుసు. "ఆగు తమ్ముడూ, ఇంకా దిగుతుంది" అన్నాను. ఆ మాట అతనికి దాదాపు ముప్పైనాలుగు వేల రూపాయల నష్టం తెచ్చింది. ఎక్కడ పొరపడ్డానో తెలుసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. ఆ సంగతే ఈ వ్యాసం.

నేను పదవీ విరమణ చేసినది 2008లో. ఆ ఏడాదే సెప్టెంబరు 5న మన తెలుగువారు దువ్వూరి సుబ్బారావుగారు రిజర్వు బ్యాంకు గవర్నరు అయ్యారు. ఉద్యోగం తొలినాళ్లలో పార్వతీపురంలో సబ్ కలెక్టరుగానూ, తరువాత మన రాష్ట్ర ఆర్థికశాఖ కార్యదర్శిగానూ చేసినవారు కాబట్టి మనలో చాలామందికి ఆ పేరు పరిచయమే. ఆయన కుర్చీలో కూర్చున్న పది రోజులకే, సెప్టెంబరు 15న, అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద సంస్థ దివాలా తీసింది. అక్కడి నుంచి 2013 సెప్టెంబరులో ఆయన దిగిపోయేదాకా గడిచిన అయిదేళ్లే బంగారం ఎక్కడానికీ దిగడానికీ కారణాలు బాగా కనబడే అయిదేళ్లు.

లేమన్ పడిపోగానే బంగారం పెరిగిందనుకుంటారు చాలామంది. నిజానికి ముందు తగ్గింది. 2008 మార్చిలో ఔన్సు వెయ్యి డాలర్లు దాటిన బంగారం అక్టోబరులో ఏడు వందల పైచిలుకుకు దిగింది. అప్పులవాళ్లు తలుపు కొడుతున్నప్పుడు ఎవరైనా చేతిలో ఉన్నది అమ్మి రొక్కం చేసుకుంటారు. ప్రపంచమంతా డాలర్ల కోసం అలాగే పరుగెత్తింది.

అప్పుడు అమెరికా కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వు ఒక పని మొదలుపెట్టింది. దానికి క్వాంటిటేటివ్ ఈజింగ్ అని పేరు. నోట్లు అచ్చువేయడం అని పత్రికలు రాశాయి గాని, అది మన ఆఫీసు లెడ్జరులో పద్దు వేయడం లాంటిది. ఫెడరల్ రిజర్వు బ్యాంకుల దగ్గర నుంచి ప్రభుత్వ బాండ్లను, గృహరుణాల పత్రాలను కొంటుంది. డబ్బు మూటగట్టి పంపదు. తన దగ్గరున్న ఆ బ్యాంకు ఖాతాలో అంత మొత్తం జమ రాస్తుంది. పుస్తకంలో ఒకవైపు బాండ్లు, రెండోవైపు బ్యాంకుల జమలు, రెండూ సమానంగా పెరుగుతాయి. పుస్తకం లావెక్కడమంటే ఇదే. లేమన్‌కు ముందు సుమారు 90,000 కోట్ల డాలర్లున్న ఆ పుస్తకం 2008 చివరికి రెండు లక్షల కోట్లు దాటింది. 2014 చివరికి నాలుగున్నర లక్షల కోట్లయింది.

దీనివల్ల బంగారం ఎందుకు పెరగాలి? పింఛనుదారులకు ఇది చెప్పడం సులువు. బంగారానికి వడ్డీ రాదు. బ్యాంకులో డిపాజిట్టుకు మంచి వడ్డీ వస్తుంటే బీరువాలో బంగారం దాచినవాడు ఆ వడ్డీ పోగొట్టుకున్నట్టే. కాని లక్ష రూపాయలు వేసినవాడికి ఏడాది తిరిగేసరికి 1,06,000 వచ్చి, లక్షకు దొరికిన సామాను 1,08,000 అయిందనుకోండి. వడ్డీ వచ్చినా అతడు రెండువేలు నష్టపోయినట్టే. అప్పుడు వడ్డీ లేని బంగారమే నయమనిపిస్తుంది. వడ్డీలోంచి ధరల పెరుగుదల తీసేస్తే మిగిలేదాన్ని నిజవడ్డీ అంటారు. ఫెడరల్ రిజర్వు గుత్తంగా బాండ్లు కొంటే వాటి ధర పెరిగి, వాటిమీద వచ్చే రాబడి తగ్గుతుంది. అమెరికాలో పదేళ్ల బాండు నిజవడ్డీ 2011 ఆగస్టుకల్లా సున్నా దగ్గరకు వచ్చింది. దానికి తోడు, ఇన్ని జమలు రాస్తే రేపు ధరలు భగ్గుమంటాయని భయపడ్డవాళ్లు కూడా బంగారం కొన్నారు.

2008 నవంబరులో మొదటి విడత కొనుగోళ్లు ప్రకటించారు. 2010 నవంబరులో 60,000 కోట్ల డాలర్లతో రెండో విడత. 2011 సెప్టెంబరు మొదటివారానికి ఔన్సు 1,900 డాలర్ల దగ్గర ఉంది. మధ్యలో 2009 నవంబరులో మన రిజర్వు బ్యాంకు అంతర్జాతీయ ద్రవ్యనిధి నుంచి 200 టన్నుల బంగారం, ఔన్సు సుమారు 1,045 డాలర్ల చొప్పున, 670 కోట్ల డాలర్లకు కొన్నది. 1991లో దాదాపు 47 టన్నులు పరాయిదేశాల కేంద్ర బ్యాంకుల దగ్గర కుదువపెట్టిన మనమే పద్దెనిమిదేళ్లకు ఈ కొనుగోలు చేశాం.

ఇంతవరకు చదివితే పుస్తకం పెరిగితే బంగారం పెరుగుతుంది అనే సూత్రం దొరికినట్టుంటుంది. నేనూ అలాగే అనుకున్నాను. 2013 దాన్ని కొట్టేసింది. ఆ ఏడాది పొడుగునా ఫెడరల్ రిజర్వు నెలకు 8,500 కోట్ల డాలర్ల బాండ్లు కొంటూనే ఉంది. పుస్తకం మూడు లక్షల కోట్ల లోపు నుంచి నాలుగు లక్షల కోట్లకు చేరింది. బంగారం మాత్రం ఆ ఏడాదిలో నాలుగో వంతుకు పైగా పడిపోయింది. భయపడినట్టు ధరలు పెరగలేదు. బ్యాంకులకు రాసిన జమలు చాలావరకు ఫెడరల్ రిజర్వు దగ్గరే ఉండిపోయాయి గాని బజారులోకి రాలేదు. ఏప్రిల్ మధ్యలో రెండు పనిదినాల్లోనే ఔన్సుకు దాదాపు 200 డాలర్లు తగ్గింది. మే 22న ఫెడరల్ రిజర్వు అధ్యక్షుడు బెర్నాంకీ రాబోయే సమావేశాల్లో కొనుగోళ్లు తగ్గించవచ్చునని అన్నాడు. ఇంకా ఒక్క డాలరు కూడా తగ్గించలేదు. ఆ ఒక్క మాటకే బాండ్ల రాబడి ఎగిరింది. సున్నాకు దిగువనున్న నిజవడ్డీ కొద్దివారాల్లో సున్నా దాటింది. అంటే బంగారాన్ని నడిపేది పుస్తకం లావు కాదు, నిజవడ్డీ. అదీ రేపటి నిజవడ్డీ గురించి జనం పెట్టుకున్న అంచనా.

ఇక్కడి దాకా నా సలహా తప్పు కాదు. ప్రపంచంలో బంగారం దిగింది. కాని మా తోడల్లుడు కొనవలసింది అనకాపల్లిలో, రూపాయలు పెట్టి.

లెక్క చూడండి. ఔన్సు అంటే 31.1 గ్రాములు. డాలరు ధరను రూపాయి మారకంతో హెచ్చించి 3.11తో భాగిస్తే పది గ్రాముల మేలిమి ధర వస్తుంది. దానిమీద దిగుమతి సుంకం కలపాలి. జూన్ చివర ఔన్సు సుమారు 1,200 డాలర్లు, డాలరుకు సుమారు 60 రూపాయలు. అది 23,150. ఎనిమిది శాతం సుంకంతో 25,000. అతను నన్ను అడిగిన రోజు లెక్క అది.

బెర్నాంకీ మాట విని విదేశీ పెట్టుబడిదారులు మన దేశం నుంచి కూడా డబ్బు వెనక్కి తీసుకున్నారు. అమెరికాలో రాబడి పెరిగితే ఇక్కడ ఉండటం దేనికని వాళ్ల లెక్క. మనకు అప్పటికే విదేశీ చెల్లింపుల లోటు జాతీయోత్పత్తిలో 4.8 శాతం ఉంది. అందులో పెద్దభాగం మనం కొన్న బంగారమే. మే మొదట్లో 54 రూపాయలున్న డాలరు ఆగస్టు 28న 68 దాటింది. బంగారం దిగుమతిని అదుపు చేయాలని ప్రభుత్వం సుంకాన్ని ఆగస్టులో పది శాతం చేసింది. దిగుమతి చేసిన ప్రతి అయిదు కిలోల్లో ఒక కిలో ఎగుమతి నగలకే పోవాలని రిజర్వు బ్యాంకు జూలైలోనే షరతు పెట్టింది. ఆగస్టు చివర ఔన్సు సుమారు 1,400. దాన్ని 68తో హెచ్చించి 3.11తో భాగిస్తే 30,600. సుంకంతో 33,600. 2011లో ప్రపంచ ధర శిఖరాన ఉన్నప్పుడు, డాలరు 46 రూపాయలున్న రోజుల్లో, ఇదే లెక్క 28,400 దగ్గర ఆగింది. ప్రపంచ ధర శిఖరం నుంచి 500 డాలర్లు దిగితే మన ధర అయిదు వేలు ఎక్కింది!

అయిదు కాసులంటే నలభై గ్రాములు. పది గ్రాములకు 8,600 తేడా, నాలుగింతలు 34,400. అతను ఒక్క మాట కూడా అనలేదు. కాసుల్లో ఒకటి తగ్గించి పెళ్లి చేశాడు. మా ఆవిడ మాత్రం ఆ తగ్గిన కాసు గురించి నాకు అప్పుడప్పుడు గుర్తు చేస్తూనే ఉంటుంది.

ఆ తరువాత ఇదే కథ రెండుసార్లు నడిచింది. 2020లో కరోనా వచ్చినప్పుడు ఫెడరల్ రిజర్వు మూడు నెలల్లో పుస్తకాన్ని నాలుగు లక్షల కోట్ల పైచిలుకు నుంచి ఏడు లక్షల కోట్లకు పెంచింది. నిజవడ్డీ సున్నాకు ఒక శాతం దిగువకు పోయింది. ఆగస్టులో బంగారం మొదటిసారి రెండువేల డాలర్లు దాటింది. ఇది 2011 వంటిదే.

రెండోసారి మాత్రం కథ తిరగబడింది. 2022 జూన్ నుంచి ఫెడరల్ రిజర్వు పుస్తకాన్ని తగ్గించింది. తొమ్మిది లక్షల కోట్ల దగ్గర నుంచి 2025కు ఏడు లక్షల కోట్ల లోపుకు తెచ్చింది. వడ్డీలూ పెంచింది. పాత సూత్రం ప్రకారం బంగారం పడిపోవాలి. 2025 అక్టోబరులో నాలుగువేల డాలర్లు దాటింది. కారణం ఈసారి మరో ఖాతా పుస్తకంలో ఉంది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా కేంద్ర బ్యాంకు విదేశాల్లో దాచుకున్న నిధులను పాశ్చాత్య దేశాలు స్తంభింపజేశాయి. పరాయివాడి పుస్తకంలో జమ రాసిన డబ్బు వాడు ఇవ్వనంటే రాదని మిగతా దేశాలకు అర్థమైంది. ప్రపంచ కేంద్ర బ్యాంకులు 2022, 2023, 2024 సంవత్సరాల్లో ఏటా వెయ్యి టన్నులకు పైగా బంగారం కొన్నాయి. మన రిజర్వు బ్యాంకు నిల్వ 2025 మార్చికి సుమారు 880 టన్నులయింది. తొలి ఎక్కుళ్లలో కేంద్ర బ్యాంకులు బాండ్లు కొని బంగారాన్ని పరోక్షంగా పెంచాయి. ఈసారి బంగారమే కొన్నాయి.

ఇప్పుడు ఎవరైనా నన్ను కొనమంటారా ఆగమంటారా అని అడిగితే నేను ఏ సలహా చెప్పను. ఒక కాగితం మీద మూడు అంకెలు రాయమంటాను: ఔన్సు ధర, డాలరు మారకం, సుంకం. 2024 జూలైలో సుంకం పదిహేను శాతం నుంచి ఆరుకు తగ్గినప్పుడు ప్రపంచంలో ఏ కదలికా లేకుండానే మన వీధిలో ధర తగ్గింది. మూడూ ఒకేసారి చూడనివాడు నాలాగే ఒక అంకె చదివి రెండు మరచిపోతాడు. పెళ్లి ముహూర్తం పెట్టుకున్నవాళ్లకైతే ఒకటే చెబుతాను: సగం ముందు, సగం తరువాత కొనండి. ఇది లాభం కోసం కాదు. పెళ్లిలో తోడల్లుళ్ల ముఖాలు తప్పించుకు తిరిగే అవసరం రాకుండా ఉండటానికి.