డిప్రెషన్ అనుకుని మందులు వాడుతున్నారా? అది బైపోలార్ అయితే కథ వేరు.. తేడా ఇలా తెలుస్తుంది!

నిద్ర సరిగా పట్టదు. తిండి మీద ధ్యాస ఉండదు. ఏ పనీ చేయబుద్ధి కాదు. రెండు వారాలు ఇలాగే గడిస్తే డాక్టర్లు డిప్రెషన్‌ను అనుమానిస్తారు. అయితే సరిగ్గా ఇవే లక్షణాలు బైపోలార్ డిజార్డర్‌లోనూ ఉంటాయి. పేషెంట్ ఆ రోజు ఎలా ఉన్నాడో చూసి రెండింటినీ విడదీయడం కష్టం. గతంలో ఎలా ఉండేవాడో అడిగితేనే తేడా బయటపడుతుంది.

అసలు తేడా ఏంటి?

డిప్రెషన్‌లో మనసు కుంగిపోవడమే ఉంటుంది. బైపోలార్‌లో కొన్నాళ్లు కుంగిపోవడం, కొన్నాళ్లు విపరీతమైన హుషారు కనిపిస్తాయి. ఈ హుషారు దశనే మేనియా అంటారు. రాత్రి మూడు గంటలే పడుకున్నా అలసట ఉండదు. మాటల వేగం పెరుగుతుంది. డబ్బు నీళ్లలా ఖర్చవుతుంది. అడ్డుపడితే కోపం వస్తుంది. ఇలా కనీసం వారం రోజులు ఉంటే మేనియాగా, తీవ్రత తక్కువగా ఉండి నాలుగు రోజులైనా కొనసాగితే హైపోమేనియాగా లెక్కిస్తారు. పొద్దున బాధ, సాయంత్రం సంతోషం అన్నట్టు రోజులోనే మూడ్ మారిపోతే బైపోలార్ అనుకోవడం పొరపాటు.

చిక్కు ఏంటంటే, హుషారుగా ఉన్న రోజుల్లో ఎవరూ డాక్టర్ దగ్గరికి వెళ్లరు. కుంగిపోయినప్పుడే వెళ్తారు. దాంతో సగం కథే డాక్టర్‌కు తెలుస్తుంది.

ఓ ఉదాహరణ చూద్దాం

24 ఏళ్ల కుర్రాడు నెల రోజులుగా గది దాటి బయటకు రావడం లేదనుకుందాం. దగ్గర్లోని డాక్టర్ డిప్రెషన్ అని చెప్పి ఎస్సిటాలోప్రామ్ రాశారు. మూడో వారానికి లేచి తిరగడం మొదలుపెట్టాడు. ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకున్నారు. కానీ అక్కడితో ఆగలేదు. నిద్ర మూడు గంటలకు పడిపోయింది. వ్యాపారం పెడతానంటూ లోన్ యాప్‌లలో అప్పులు చేశాడు. వద్దన్న తండ్రి మీదకు గొడవకు దిగాడు.

అప్పుడు సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లారు. "ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా ఉన్నాడామ్మా?" అని ఆయన తల్లిని అడిగారు. బీటెక్ రెండో ఏడాదిలో ఓ పది రోజులు ఇలాగే నిద్ర లేకుండా తిరిగాడని, వయసు ఉడుకు అనుకున్నామని ఆమె చెప్పింది. మేనమామకూ ఇలాంటి జబ్బే ఉండేదని గుర్తు చేసుకుంది. దాంతో అది బైపోలార్ అని తేలింది. సైకియాట్రిస్ట్ ఆ మందు ఆపించి, మూడ్ స్టెబిలైజర్ మొదలుపెట్టారు.

యాంటీడిప్రెసెంట్ ఒక్కటే ఎందుకు సరిపోదు?

ఈ మందులు కుంగిన మూడ్‌ను పైకి లేపడానికి ఇచ్చేవి. బైపోలార్ ఉన్నవాళ్లలో కొందరికి అవి మూడ్‌ను పైకి తోసి మేనియాలోకి నెట్టేస్తాయి. బ్రేకులు లేని బండికి యాక్సిలరేటర్ తొక్కినట్టే అన్నమాట. అందుకే ముందు బ్రేక్ వేసే మందు ఇస్తారు. అవసరమైతే దానికి తోడుగా యాంటీడిప్రెసెంట్‌ను జాగ్రత్తగా కలుపుతారు.

మూడ్ స్టెబిలైజర్లలో పాతది లిథియం. మేనియాకు ఇది పనిచేస్తుందని 1949లో ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ వెల్లడించారు. జబ్బు తిరగబెట్టకుండా కాపాడటమే కాదు, ఆత్మహత్య ముప్పునూ ఇది తగ్గిస్తుంది. వాల్‌ప్రోయేట్ మేనియాను అదుపు చేస్తుంది కానీ, కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది కాబట్టి పిల్లల్ని కనే వయసు మహిళలకు వీలైనంత వరకు ఇవ్వరు. లామోట్రిజిన్ ముఖ్యంగా మళ్లీ కుంగిపోకుండా ఆపుతుంది. దీని డోసు వారాల తరబడి మెల్లగా పెంచాలి. ఒంటి మీద దద్దుర్లు వస్తే వెంటనే డాక్టర్‌కు చెప్పాలి.

లిథియం వాడేవాళ్లు ఇవి మర్చిపోవద్దు

లిథియం మోతాదు తక్కువైతే పనిచేయదు, ఎక్కువైతే విషమవుతుంది. అందుకే రక్త పరీక్ష తప్పనిసరి. చివరి డోసు వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి. మామూలుగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండేలా చూస్తారు. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు కూడా దాదాపు ఆరు నెలలకోసారి చేయిస్తారు.

ఎండాకాలంలో చెమటలు ఎక్కువగా పట్టినా, వాంతులు, విరేచనాలైనా, ఉన్నట్టుండి ఉప్పు మానేసినా రక్తంలో లిథియం పెరిగిపోతుంది. ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో కొనే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్‌తోనూ ఇదే ప్రమాదం. చేతులు బాగా వణకడం, మాట ముద్దగా రావడం, నడక తూలడం కనిపిస్తే తర్వాతి డోసు వేసుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

బాగానే ఉందని సొంతంగా మందు ఆపేస్తే జబ్బు తిరగబెట్టే ముప్పు ఎక్కువ. యాంటీడిప్రెసెంట్ వాడుతున్నవాళ్లు కూడా భయపడి ఒక్కసారిగా మానేయొద్దు. గతంలో హుషారు రోజులు ఉంటే ఆ విషయం డాక్టర్‌కు చెప్పాలి. ఆ రోజుల్ని చూసిన ఇంట్లోవాళ్లను వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది. ఆత్మహత్య ఆలోచనలు వస్తుంటే టెలీ మానస్ ఉచిత హెల్ప్‌లైన్ 14416కు ఏ సమయంలోనైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనూ మాట్లాడొచ్చు.