బతుకమ్మ పళ్ళెంలోని చరిత్ర: పద్మాక్షి చెరువు నుండి సస్కటూన్ నదీతీరం దాకా



బతుకమ్మ పండుగ చరిత్రను రాజశాసనాలలో వెదకబోతే చేతికి చిక్కేది స్వల్పం. స్త్రీలు తమంతట తాము, పురోహితుడు లేకుండా, వీధిలోనూ చెరువుగట్టునా జరుపుకొన్న వేడుకను రాతిపై చెక్కించవలసిన అవసరం ఏ రాజుకూ కలుగలేదు. అయినా ఈ పండుగకు చరిత్ర లేకపోలేదు. అది పళ్ళెంలో పేర్చిన పూలలో, తొమ్మిదినాళ్ళ నైవేద్యాలలో, పాటలో, చివరకు నిమజ్జనం జరిగే నీటిలో నిలిచి ఉన్నది. ఆ నాలుగింటినీ ఒక్కొక్కటిగా చదివి చూస్తే, మన సస్కటూన్ నగరంలో ఈ పండుగను జరుపుకొనేటప్పుడు దేనిని మార్చుకోవచ్చునో, దేనిని మార్చితే పండుగ పండుగగా మిగలదో తెలుస్తుంది.

ముందుగా పుట్టుక కథలు. ధర్మాంగదుడనే చోళరాజుకూ సత్యవతికీ నూరుగురు కొడుకులు యుద్ధంలో మరణించగా, లక్ష్మీదేవిని వేడుకొని పొందిన ఆడబిడ్డకు "బతుకమ్మ" అని పేరు పెట్టారనేది ఒక కథ. వేములవాడ రాజరాజేశ్వరాలయంలోని లింగాన్ని చోళులు తంజావూరుకు తరలించారనీ, ఆ దుఃఖంలో జనం పూలతో అమ్మవారిని పేర్చి కొలిచారనీ మరొక కథ. తంజావూరు బృహదీశ్వరాలయం 1010లో పూర్తయిన మాట నిజమే గాని, దానిని బతుకమ్మతో ముడివేసేది జనశ్రుతి మాత్రమే. ఈ రెండు కథలనూ చరిత్రగా కాక స్మృతిగా చదవాలి. రెండింటిలోనూ ఉన్నది ఒకటే: పోగొట్టుకొన్న తరువాత "బతుకు" అని కోరడం. పండుగ పేరులోనే ఆ కోరిక నిలిచింది.

ఇక పూలు. బతుకమ్మకు ప్రధానమైనవి తంగేడు, గునుగు. ఈ రెంటినీ ఎవరూ తోటలో నాటి పెంచలేదు. తంగేడు బీడుభూములలో, గుట్టల అంచులలో తనంత తాను పూచే పొద. దాని బెరడు తోళ్ళు పదును పెట్టడానికి పనికివచ్చేది. గునుగు వానకాలపు మెట్ట చేలలో మొలిచే కలుపుమొక్క. వీటికి బంతి, చామంతి, కట్లపూలు, గుమ్మడిపూలు తోడవుతాయి. దేవాలయపు పూజాద్రవ్యాల పట్టికలో సామాన్యంగా చోటు దొరకని పూలే ఇక్కడ దేవత అవుతాయి. మరెక్కడైనా పూలతో దేవతను పూజిస్తారు. ఇక్కడ పూలనే దేవతగా నిలుపుతారు. భాద్రపదంలో కన్నెపిల్లలు పుట్టమన్నుతో చేసి ఆడుకొనే బొడ్డెమ్మ ముగిసిన వెంటనే ఈ పూల పండుగ మొదలవుతుంది. మొదట మన్ను, తరువాత ఆ మన్ను ఇచ్చిన పువ్వు. వానలు ముగిసి నేల నిండుగా ఉన్న రెండు మాసాల లెక్క ఈ వరుసలో కనిపిస్తుంది.

పేర్చే పద్ధతిని కొంచెం వివరంగా చూడండి. తాంబాళంలో గాని వెదురు సిబ్బిలో గాని గుమ్మడాకులు పరుస్తారు. అంచు వెంబడి తంగేడు పూలను, కాడలు లోపలికీ పువ్వులు వెలుపలికీ వచ్చేటట్లు వలయంగా పేరుస్తారు. గునుగు కాడలను ఒక్క పొడవుకు కత్తిరించి, దారంతో చిన్న కట్టలు కట్టి, కొన్నిటి కొసలను రంగునీటిలో ముంచి ఆరబెడతారు. తంగేడుపై గునుగు, దానిపై బంతి, మరల గునుగు, ఇట్లా ఒక్కొక్క వలయం కింది దానికంటె కొద్దిగా లోపలికి జరుగుతూ పైకి లేస్తుంది. శిఖరాన గుమ్మడి పువ్వు నిలిపి, పసుపుతో చేసిన గౌరమ్మను తమలపాకుపై ఉంచుతారు.

చూసేవారి కన్ను వలయాలపై ఉంటుంది గాని, పేర్చే చేతికి తెలిసిన రహస్యం నడిమి భాగంలో ఉంది. ప్రతి వరుస ముగియగానే కత్తిరించిన కాడలను, ఆకుల ముక్కలను మధ్యలో పోసి అరచేతితో అదమాలి. అది వదులుగా ఉంటే ఇంటివద్ద చక్కగా కనిపించిన బతుకమ్మ ఎత్తుకొని నడిచేటప్పుడు ఒక ప్రక్కకు కుంగిపోతుంది. కాడలు పొడవుగా ఉంటే మధ్యలో ఒకదానిపై ఒకటి ఎక్కి నడుము ఉబ్బుతుంది. గోపురం కావలసినది గుమ్మటమవుతుంది. రంగు ఆరకముందే పేరిస్తే ఎరుపు పసుపులోకి దిగుతుంది. అందుకే పెద్దలు మూడు నాలుగు వరుసలకు ఒకసారి పళ్ళాన్ని నిదానంగా తిప్పి, అన్ని వైపులా వాలు ఒకటిగా ఉన్నదో లేదో చూసుకొని గాని పైవరుసకు పోరు.

తొమ్మిది రోజుల పేర్లలో వంటింటి చరిత్ర ఉంది. మహాలయ అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మ. ముందురోజే కోసి నీటిలో ఉంచిన పూలతో పేరుస్తారు గనుక ఆ పేరని చెబుతారు. ఆపైన అటుకుల, ముద్దపప్పు, నానబియ్యం, అట్ల బతుకమ్మలు. ఆరవనాడు అలిగిన బతుకమ్మ. ఆ రోజు నైవేద్యం ఉండదు. తరువాత వేపకాయల బతుకమ్మనాడు బియ్యప్పిండిని వేపకాయల ఆకారంలో చేసి వేయిస్తారు. ఎనిమిదవనాడు వెన్నముద్దలు. దుర్గాష్టమినాడు సద్దుల బతుకమ్మ. పులిహోర, పెరుగన్నం, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, వాటితో పాటు రొట్టెను నలిపి బెల్లంతో కలిపిన మలీద, నువ్వులు పల్లీల సత్తుపిండి. ఊరూరికీ వరుసలోనూ వంటలోనూ భేదాలున్నా, అన్నీ నేతి పిండివంటల కన్న ముందున్న ఇంటి సరుకులే: బియ్యం, పప్పు, నువ్వులు, బెల్లం. పేద ఇల్లయినా తప్పక చేయగలిగిన నైవేద్యాలివి. ఈ పండుగ కులాల మధ్య, ఇళ్ళ మధ్య ఒకే పేరుతో నిలవడానికి ఇదొక కారణం.

పాట సంగతి క్లుప్తంగా చెబుతాను. ఒకరు చరణం ఎత్తుకొంటారు. వలయంలోని వారందరూ వంగి చప్పట్లు చరుస్తూ "ఉయ్యాలో" అనో "చందమామ" అనో పల్లవి కలుపుతారు. చరణం చిన్నది, పల్లవి స్థిరం. కనుక పాడే స్త్రీ అప్పటికప్పుడు క్రొత్త మాట చేర్చగలదు. రామాయణ కథ, పుట్టింటి బెంగ, అత్తవారింటి కష్టం ఒకే బాణీలో ఒదిగింది ఈ వెసులుబాటు వల్లనే. 1940లలో రైతాంగ పోరాటమూ, తరువాత ప్రత్యేక రాష్ట్రోద్యమమూ ఈ బాణీనే తమ మాటలకు వాహనం చేసుకొన్నాయి. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత బతుకమ్మ రాష్ట్ర పండుగ కావడం, తంగేడు రాష్ట్ర పుష్పం కావడం ఆ చరిత్రకు కొనసాగింపే.

నిమజ్జనానికి హనుమకొండలోని పద్మాక్షి గుట్ట మంచి ఉదాహరణ. సద్దులనాటి సాయంకాలం ఆ గుట్ట క్రింది చెరువువద్ద వేలాది స్త్రీలు చేరుతారు. ఆ గుట్టపైన 1117 నాటి శాసనం ఒకటి ఉన్నది. కాకతీయ రెండవ ప్రోలరాజు కాలంలో మంత్రి బేతన భార్య మైలమ అక్కడ జైన బసది కట్టించినట్లు అది తెలుపుతుంది. బసది కాలక్రమాన అమ్మవారి గుడి అయింది. శాసనం బతుకమ్మను గూర్చి ఏమీ చెప్పదు గాని, ఆ గుట్టను ఒక స్త్రీ దానంతోనూ, నేటి వేడుకను స్త్రీల పాటతోనూ గుర్తుపెట్టుకొంటున్నాము. కాకతీయుల నాటి నుండి ఆ సీమ బ్రతుకు చెరువులపై ఆధారపడినది. ఆశ్వయుజం వచ్చేసరికి వానలు నిలిచి, చెరువు అంచుల దాకా నిండి ఉంటుంది. నీరు నిండిందని చెరువుకు చెప్పుకొనే కృతజ్ఞతగా నిమజ్జనాన్ని చదివితే, ఈ పండుగ ఆ మాసంలోనే ఎందుకు వస్తుందో అర్థమవుతుంది. గౌరమ్మ పసుపును ముత్తైదువలు పుస్తెలకు పూసుకొంటారు. పూలు నీటికి పోతాయి. పళ్ళెం ఇంటికి తిరిగివస్తుంది. తెచ్చిన సద్దులను ఒకరికొకరు వాయనంగా ఇచ్చుకొంటారు.

ఇప్పుడు మన ఊరికి రండి. సస్కటూన్ 52 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. సగటున సెప్టెంబరు మధ్యకే తొలి మంచు పడుతుంది. చాంద్రమానం వల్ల మన అమావాస్య నెలరోజుల మేర కదులుతుంది: 2022లో సెప్టెంబరు 25, 2023లో అక్టోబరు 14, 2024లో అక్టోబరు 2, 2025లో సెప్టెంబరు 21. అధిక శ్రావణం వచ్చిన 2023 వంటి ఏట పండుగ మొదలయ్యేనాటికి పెరట్లో గుమ్మడి తీగ నల్లబడి, బంతి వాలిపోయి ఉంటుంది. తంగేడు సంగతి చెప్పనక్కరలేదు. అంగడిలో కొన్న ప్లాస్టిక్ పూలతో పేర్చాలన్న ఆలోచన పుట్టేది ఇక్కడే. అట్లా పేర్చినది చూపుకు బాగుండవచ్చును గాని, దానిని నీటికి ఇవ్వలేము. నిమజ్జనం చేయలేని బతుకమ్మను అటకపై దాచవలసి వస్తుంది. ఏటేటా పుట్టి, ఏటేటా నీటిలో కలిసే దేవత అప్పుడు వస్తువైపోతుంది.

దీనికి దారి గునుగులోనే ఉన్నది. గునుగు పువ్వు కాగితంవలె పొడిగా ఉంటుంది. కోసి తలక్రిందులుగా నీడలో వేలాడదీస్తే ఆకారమూ రంగూ చెడక నెలలు నిలుస్తుంది. ఇక్కడి విత్తనాల అంగళ్ళలో సెలోషియా అనే పేరున దొరికేది దీని జాతిదే. ఏప్రిల్ మొదట్లో ఇంటిలోపల కుండీలో విత్తి, మే నెలాఖరున మంచు భయం తీరాక ఎండ తగిలే చోట నాటండి. ఇది చలికి ఓర్వదు. కాబట్టి ఆగస్టు చివరి నుండే పూచిన వెన్నులను కోసి ఆరబెట్టాలి. కాడ వంచితే చిటుక్కున విరిగితే ఆరినట్లు. మెత్తగా వంగితే ఇంకా తడి ఉన్నట్లు, అట్లాగే డబ్బాలో పెడితే బూజు పడుతుంది. తంగేడు పసుపుకు బదులు, తేలికపాటి మంచును తట్టుకొనే కుండీ చామంతులు థాంక్స్‌గివింగ్ నాటికి అన్ని అంగళ్ళలోనూ దొరుకుతాయి. అడుగున గుమ్మడాకు లేకపోతే క్యాబేజీ ఆకు పరచవచ్చు. అడుగు పళ్ళెం వెడల్పు ఒక అడుగు మించకుండా చూసుకొంటే, రెండు మూడు కుండీల చామంతులూ ఒక పెరటి మడి గునుగూ ఒక ఇంటి బతుకమ్మకు సరిపోతాయి.

నీటి విషయం మిగిలింది. దక్షిణ సస్కాచువాన్ నది చెరువు కాదు. దాని ప్రవాహం వడిగలది, శరత్తులో నీరు కోసేటంత చల్లగా ఉంటుంది, నగరానికి త్రాగునీరు ఆ నదినుండే వస్తుంది. దారపు కట్టలు, రంగునీటిలో ముంచిన పూలు, మెరుపు కాగితాలు అందులో పడరాదు. ఆ నదిని చూస్తూ ఆడి పాడి, పెద్ద తొట్టిలో నింపిన నీటిలో బతుకమ్మను సాగనంపి, దారాలు విప్పి తీసి, ఆ పూలను వసంతంలో మన తోటల మట్టిలో కలపడం సంప్రదాయ విరుద్ధం కాదు. పల్లెలో కూడా చెరువు దూరమైన ఇళ్ళవారు బావివద్దనో, వాగువద్దనో సాగనంపినవారే. నేలనుండి వచ్చినది నీటి ద్వారా నేలకు చేరడమే ఇందులోని క్రమం.

కనుక మార్చుకోదగినవి ఇవి: పువ్వు పేరు, ఆకు పేరు, నీటి చోటు. మార్చరానివి ఇవి: ఆ ఏటి ఋతువులో నేలపై పూచినదానితోనే పేర్చడం, చేతులు కలిపి పాడడం, చివరకు దానిని వదులుకోవడం. ఈ ఏడు సద్దులనాటికి మీ పళ్ళెంలో తంగేడు లేకపోయినా, మీ కిటికీ దగ్గర మొలిచి, మీ చేత ఆరిన గునుగు ఒక్క వరుస ఉంటే, పద్మాక్షి చెరువుగట్టున పేర్చిన వరుసకు అది తోబుట్టువే.