మెదడు అడగకుండా కదిలే పేగు

గినీపిగ్ చిన్నపేగులో ఒక ముక్క కోసి, గోరువెచ్చటి లవణద్రావణంలో వేలాడదీసి, లోపల ద్రవంతో కొంచెం ఒత్తిడి పెంచితే, ఆ ముక్క ద్రవాన్ని తనంతట తానే ముందుకు తోసేస్తుంది. 1917లో పాల్ ట్రెండెలెన్‌బర్గ్ చూపిన విచిత్రమిది. మెదడు లేదు, వెన్నుపాము లేదు. మరి తోసిందెవరు?

పేగు గోడలో నరాల వలలున్నాయని మైస్నర్, ఔర్‌బాక్ 19వ శతాబ్దం నడుమే చూశారు. అవి చేసే పని మాత్రం లండన్‌లో ఇద్దరు బావాబావమరదుల వల్ల బయటపడింది. విలియం బేలిస్ పెళ్లాడింది ఎర్నెస్ట్ స్టార్లింగ్ చెల్లెల్ని. 1899లో వీళ్లిద్దరూ కుక్కల్లో పేగుకు బయటి నుంచి వచ్చే నరాలన్నీ తెంపి, లోపల ఒకచోట ఒత్తిడి కలిగించారు. ఆ చోటికి పైభాగం బిగుసుకుంది, కింది భాగం సడలింది. దీనికే పేగు నియమం అని పేరు పెట్టారు.

ఇవాళ మనకు ఆ దారి తెలుసు. గోడ సాగగానే లోపొరలోని ఎంటెరోక్రోమాఫిన్ కణాలు సెరటోనిన్ వదులుతాయి. అది స్థానిక జ్ఞాన నాడీకణాలను తట్టిలేపుతుంది. పైవైపు నాడులు ఎసిటైల్‌కోలిన్‌తో కండరాన్ని బిగిస్తే, కిందివైపు నాడులు ప్రధానంగా నైట్రిక్ ఆక్సైడ్‌తో సడలిస్తాయి.

పేగులో నాడీకణాలు అన్నన్ని ఉంటే వాటికి చేరే వేగస్ పోగులు అంత తక్కువేమిటని లాంగ్లీ లెక్క తీశాడు. అందుకే 1921లో సింపథెటిక్, పారాసింపథెటిక్‌ల సరసన ఎంటెరిక్ అనే మూడో విభాగాన్ని నిలబెట్టాడు. తర్వాతి పాఠ్యపుస్తకాలు దాన్ని దశాబ్దాల తరబడి వదిలేసి రెంటితోనే సరిపెట్టాయి. నా లెక్కలో ఇది పెద్ద నష్టం.

అలాగని పేగుకు మెదడుతో మాటలు లేవనుకోవద్దు. వేగస్‌లో ఎక్కువ పోగులు పేగు కబురును పైకి మోసేవే. శరీరంలోని సెరటోనిన్‌లో 90 శాతానికి పైగా పేగులోనే ఉన్నా, అది రక్తం నుంచి మెదడులోకి దాటలేదు. కబురు ప్రధానంగా నరం మీదే వెళుతుంది. సిస్‌ప్లాటిన్ ఇచ్చిన రోగికి వాంతులు వచ్చేదీ ఈ దారిలోనే. ఒండాన్‌సెట్రాన్ ప్రధానంగా వేగస్ కొసల దగ్గరే సెరటోనిన్ గ్రాహకాలకు అడ్డుపడి వాటిని ఆపుతుంది.

ఈ వల లోపిస్తే ఏమవుతుందో 1886లో హిర్ష్‌స్ప్రంగ్ బెర్లిన్‌లో వివరించిన పసివాళ్లు చెబుతారు. వాళ్ల పెద్దపేగు విపరీతంగా ఉబ్బింది. జబ్బు ఆ ఉబ్బిన భాగంలోనే ఉందని చాలాకాలం అనుకున్నారు. అసలు దోషం దాని కిందనున్న సన్నటి భాగానిది. న్యూరల్ క్రెస్ట్ కణాలు పిండదశలో పైనుంచి కిందికి పాకుతాయి. మధ్యలో ఆగిపోతే చివరి భాగానికి గ్యాంగ్లియాలు ఉండవు. సడలించే నాడి లేక అది బిగుసుకునే ఉంటుంది. 1948లో స్వెన్సన్ ఆ సన్నటి భాగాన్ని తొలగించే శస్త్రచికిత్స తెచ్చాడు.

అందుకని, నెలలు నిండి పుట్టిన బిడ్డ 48 గంటలైనా తొలి మలం పోయకపోతే ఈ జబ్బును తప్పక అనుమానించండి. తేల్చి చెప్పేది పురీషనాళపు బయాప్సీ: అందులో గ్యాంగ్లియన్ కణాలు కనబడవు.